తొమ్మిదిన్నర మెసేజ్ ఎవరి ఫోన్‌కి వెళ్తోంది? మన స్కూల్ తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

అమ్మలకు, నాన్నలకు, పొద్దున్నే పిల్లల్ని గేటు దగ్గర దించి వెళ్లే తాతయ్యలకు, నానమ్మలకు, అమ్మమ్మలకు నమస్కారం.

ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. జూన్‌లో స్కూల్ తెరిచినప్పుడు "ఫోన్ నంబర్ మారినవారు ఆఫీసులో తెలియజేయగలరు" అని ఒకే ఒక్క లైను డైరీలో అంటించి పంపాం. దాన్ని చూసి ఆఫీసుకు వచ్చినవాళ్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. తప్పు మీది కాదు. ఎందుకు తెలియజేయాలో, తెలియజేయకపోతే ఏమవుతుందో చెప్పకుండా "తెలియజేయగలరు" అంటే ఎవరు మాత్రం పని మానుకుని వస్తారు? అందుకే ఈసారి జరిగింది జరిగినట్టు, మా వైపు తప్పులతో సహా చెప్తున్నాను.

ముందు, పిల్లలు బడికి రాని రోజు మీకు పంపే పొద్దున మెసేజ్ ఎలా వస్తుందో చెప్తాను. మన స్కూల్లో మొదటి గంట 8.45కి. ప్రార్థన అయ్యి పిల్లలు క్లాసుల్లో కూర్చునేసరికి 9 అవుతుంది. క్లాస్ టీచర్ పేర్లు పిలిచి రిజిస్టర్‌లోనూ, తన ఫోన్‌లో ఉన్న అటెండెన్స్ యాప్‌లోనూ రానివాళ్లను గుర్తు పెడతారు. ఇది 9.10కల్లా అయిపోవాలి. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం గేటు దగ్గర వాచ్‌మన్ గారి టేబుల్ మీద ఒక పుస్తకం ఉంటుంది, దాన్ని 9.20కి మూసి ఆఫీసులోకి తెస్తారు. క్లాసుల నుంచి వచ్చిన లిస్టునీ, ఆ లేటు పుస్తకాన్నీ, ముందురోజే వచ్చిన సెలవు చీటీలనూ, పొద్దున ఫోన్ చేసి సెలవు చెప్పినవాళ్ల పేర్లనూ మా క్లర్కు గారు పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. ఇవన్నీ తీసేయగా మిగిలిన పేర్లకు 9.30కి మెసేజ్ వెళ్తుంది. అంటే మీకు మెసేజ్ వచ్చిందంటే మీ బిడ్డ క్లాసులో లేడు, గేటు పుస్తకంలో లేడు, ఇంటి నుంచి సెలవు కబురూ లేదు అని అర్థం. పిల్లవాడు బడి ఎగ్గొట్టాడని కాదు. రాలేదని మాత్రమే చెప్తున్నాం, ఎందుకు రాలేదో మాకు తెలియదు.

ఆ మెసేజ్ ఇలా ఉంటుంది: "మీ బిడ్డ ఫలానా, ఫలానా తరగతి, ఈరోజు 9.30 వరకు బడికి రాలేదు. సెలవు చెప్పకపోతే వెంటనే ఆఫీసుకు ఫోన్ చేయండి." అంతే. ఎందుకింత పొట్టిగా, నమస్కారం కూడా లేకుండా రాస్తున్నారని పోయిన మీటింగ్‌లో ఒక నాన్నగారు అడిగారు. ఇంగ్లీషులో అయితే ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే, అది దాటితే రెండో మెసేజ్ కింద లెక్క. పైగా తెలుగులో గుణింతాలు, వత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. 'లక్ష్మి' అనే పేరు మనకు రెండక్షరాలే, ఫోన్ కంపెనీ లెక్కలో ఏడు. ఇక వాక్యంలో మార్పు చేయాలంటే ముందుగా ఆ నమూనాను టెలికాం కంపెనీల దగ్గర రిజిస్టర్ చేయించి ఒప్పించుకోవాలి, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం అది. మేం అప్పటికప్పుడు మార్చగలిగేది పేరు, తరగతి మాత్రమే. మర్యాద తెలియక కాదండీ.

పంపినవారి పేరు దగ్గర మామూలు ఫోన్ నంబర్ కనపడదు. ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక గీత, తర్వాత మన స్కూల్ పేరుతో ఆరక్షరాలు, మళ్లీ గీత, చివర S అని ఉంటుంది. ముందున్న రెండక్షరాలు ఒక్కోసారి మారతాయి, అది కంపెనీని, ప్రాంతాన్ని బట్టి వచ్చేది, కంగారు పడొద్దు. మధ్యలో ఆ ఆరక్షరాలు చూసుకోండి. దానికి తిరిగి మెసేజ్ పెట్టినా మాకు రాదు. "బాబుకు జ్వరం మేడమ్" అని దానికే రిప్లై కొట్టి, మేం చూశామనుకుని ఊరుకున్నవాళ్లు ఉన్నారు. మా మెసేజ్‌లో నొక్కాల్సిన లింకు ఏదీ ఉండదు, ఫీజు కట్టమని ఉండదు, ఓటీపీ అడగం. మామూలు పది అంకెల నంబర్ నుంచి ఎవరైనా "మీ అబ్బాయి మా దగ్గర ఉన్నాడు, ఇంత పంపండి" అని ఫోన్ చేస్తే అది మోసం. పెట్టేసి డైరీ మొదటి పేజీలో ఉన్న ఆఫీసు నంబర్‌కి చేయండి, మీ బిడ్డ క్లాసులో ఉన్నాడో లేదో మేం చూసి చెప్తాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మెసేజ్‌లు పంపిన పావుగంటకు మా కంప్యూటర్‌లో ఒక లిస్టు వస్తుంది. ప్రతి నంబర్ పక్కన Delivered అనో Failed అనో ఉంటుంది. Failed అని వచ్చినవాళ్లకు ఆఫీసు నుంచి ఫోన్ చేస్తాం, రెండో నంబర్ ఉంటే దానికీ చేస్తాం. ఇన్నాళ్లూ Delivered అని ఆకుపచ్చగా కనపడితే ఆ ఇంటికి కబురు అందినట్టే అనుకుని పక్కన పెట్టేశాం. అక్కడే పప్పులో కాలేశాం. Delivered అంటే ఆ నంబర్ ఉన్న ఫోన్‌లోకి మెసేజ్ చేరిందని మాత్రమే. ఆ ఫోన్ మీదా, ఇంకొకరిదా అన్నది కంప్యూటర్‌కేం తెలుసు?

ఈ సంవత్సరమే జరిగిన సంగతి ఇది, ఆ కుటుంబం ఒప్పుకున్నారు కాబట్టి పేరు లేకుండా రాస్తున్నాను. ఏడో తరగతి బాబు. నాన్న లారీ డ్రైవరు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అమ్మ పొద్దున ఏడింటికే మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లిపోతుంది. బాబు తనే తయారై తాళం వేసుకుని బడికి వస్తాడు. ఒక మంగళవారం రాలేదు. బుధవారం రాలేదు. గురువారం, శుక్రవారం కూడా అంతే. నాలుగు రోజులూ 9.30కి మెసేజ్ వెళ్లింది, నాలుగు రోజులూ Delivered అని వచ్చింది. ఇంటి నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు కాబట్టి వాళ్లకు తెలిసే ఉంటుంది, జ్వరమో పెళ్లో అయ్యుంటుందని మేం అనుకున్నాం. స్కూల్ నుంచి ఏ కబురూ లేదు కాబట్టి బాబు బడికి వెళ్తున్నాడని అమ్మ అనుకుంది. సాయంత్రం నాలుగున్నరకు సంచీ వేసుకుని ఇంటికొస్తున్నాడాయె, ఆమెకు అనుమానం ఎందుకొస్తుంది?

శుక్రవారం మధ్యాహ్నం క్లాస్ టీచర్, ఆ వీధి నుంచే వచ్చే ఇంకో పిల్లవాణ్ని "వాడికి ఒంట్లో ఎలా ఉందిరా" అని అడిగారు. "బానే ఉన్నాడు టీచర్, కాలవ గట్టు మీద క్రికెట్ ఆడుతున్నాడు" అన్నాడు వాడు. అప్పుడు మా అటెండరు వాళ్లింటికి వెళ్తే తాళం ఉంది, పక్కింటివాళ్లు అమ్మ ఫోన్ నంబర్ ఇచ్చారు. ఆ నంబర్ మా రికార్డులో లేనే లేదు. మా దగ్గరున్నది బాబు మూడో తరగతిలో చేరినప్పుడు నాన్న ఇచ్చిన సిమ్. ఆయన దానికి రీఛార్జ్ చేయడం మానేసి వేరే సిమ్ తీసుకుని రెండేళ్లు దాటింది. ఆ పాత నంబర్‌కి మేం ఫోన్ చేస్తే, వేరే జిల్లాలో ఉండే ఒకావిడ ఎత్తారు. "అవునండీ, అప్పుడప్పుడు ఏదో స్కూల్ మెసేజ్ వస్తుంటుంది, మా ఇంట్లో చదువుకునే పిల్లలే లేరు, పొరపాటున వస్తోందని తీసేస్తున్నాను" అన్నారు.

దేవుడి దయ, పిల్లవాడికి ఏమీ కాలేదు. గణితం పరీక్ష ఉందని భయపడి మంగళవారం ఎగ్గొట్టాడు, ఎవరూ ఏమీ అడగకపోయేసరికి బుధవారం ధైర్యం వచ్చింది, అంతే సంగతి. కానీ అదే కాలవ గట్టు గురించి ఆలోచిస్తే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇందులో మా తప్పు నంబర్ ఒక్కటే కాదు. నాలుగు రోజులు రాని పిల్లవాడి గురించి రెండో రోజే ఒక మనిషి మరో మనిషితో మాట్లాడి ఉండాల్సింది. అందుకే ఇప్పుడు మాలో మేం ఒక నియమం పెట్టుకున్నాం. వరుసగా రెండో రోజు రాకపోయి, ఇంటి నుంచి కబురు లేకపోతే, కంప్యూటర్‌లో Delivered అని ఉన్నా సరే, క్లాస్ టీచర్ ఇంటర్వెల్‌లో తనే ఫోన్ చేసి మీ గొంతు వినాలి. చేయకపోతే మీరు నన్ను అడగండి.

ఇంకో ముక్క కూడా గమనించండి. నంబర్ పూర్తిగా పనిచేయకపోతే నయం. Failed అని వస్తుంది, మేం వెతుక్కుంటాం. నంబర్ పనిచేస్తూ ఇంకొకరి దగ్గర ఉంటేనే ప్రమాదం. మనం వాడకుండా వదిలేసిన నంబర్‌ను కంపెనీలు కనీసం 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత మరొకరికి ఇచ్చేయొచ్చు. అప్పటి నుంచి మీ బిడ్డ పేరు, తరగతి, ఈరోజు బడికి రాలేదన్న సంగతి మేం ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్తున్నట్టు లెక్క. పైగా ఈ మెసేజ్ పిల్లలు రాని రోజునే వెళ్తుంది కదా, రోజూ బుద్ధిగా వచ్చే పిల్లల ఇళ్లకు ఏడాదిలో ఒకటో రెండో వెళ్తాయి. కాబట్టి "మాకు మెసేజ్ ఎప్పుడూ రాలేదు" అనే ఇంట్లో అమ్మాయి రోజూ బడికి వస్తూ ఉండవచ్చు, లేదా నంబర్ తప్పై ఉండవచ్చు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి.

ఆ రెంటినీ వేరు చేయడానికి వచ్చే సోమవారం అందరికీ, అంటే బడికి వచ్చిన పిల్లల ఇళ్లకు కూడా, ఒక పరీక్ష మెసేజ్ పంపుతున్నాం. "ఇది పరీక్ష మెసేజ్ మాత్రమే. మీ అంకెలు 4172. డైరీలో రాసి సంతకం చేయండి" అని ఉంటుంది. ఆ నాలుగు అంకెలు ఒక్కో బిడ్డకు ఒక్కోరకంగా ఉంటాయి. పక్కవాడి డైరీ చూసి ఎక్కించే మహానుభావులు మన దగ్గర తక్కువేం లేరు, అందుకని. ఇద్దరు పిల్లలుంటే రెండు మెసేజ్‌లు వస్తాయి, రెండూ రాయండి. మంగళవారం క్లాస్ టీచర్లు డైరీలు చూసి మా లిస్టుతో పోల్చుకుంటారు. అంకెలు రాసి లేకపోయినా, కలవకపోయినా మీ బిడ్డ చేతికి పసుపు రంగు చీటీ ఇస్తాం. అది శిక్ష కాదు, నంబర్ సరిచేసుకోవాలన్న గుర్తు.

ఆ మెసేజ్ కావాలనే పొద్దున 9.30కి పంపుతున్నాం. సాయంత్రం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు పంపొచ్చు కదా అని మా టీచర్లే అన్నారు. అలా పంపితే అది పరీక్షే కాదు. నంబర్ సరైనదే అయినా తొమ్మిదిన్నరకు ఆ ఫోన్ ఎక్కడుంది అన్నది కదా ముఖ్యం. నాన్న ఫోన్ బండి డిక్కీలో ఉండి, మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు చూసుకుంటారు. అమ్మ ఫోన్ ఇంట్లో ఛార్జింగ్ పెట్టి ఉంటుంది. కొన్ని ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ కాలేజీకి వెళ్లే అన్నయ్య జేబులో ఉంటుంది. సోమవారం ఆ మెసేజ్ మీరు ఎన్నింటికి చూశారో కూడా అంకెల పక్కన రాస్తే, రెండో నంబర్ ఎవరిది పెట్టుకోవాలో మీకే తెలుస్తుంది.

నంబర్లు తప్పడానికి సిమ్ మారడం ఒక్కటే కారణం కాదు. అడ్మిషన్ ఫారం మీద చేత్తో రాసిన 1 చూడటానికి 7లా ఉంటుంది, 0 తోక కాస్త పైకి లేస్తే 6 అవుతుంది. ఫోన్‌లో చెప్పేటప్పుడు "డబుల్ ఎయిట్ సెవెన్" అంటే ఇటువైపు రాసుకునేవాళ్లు 887 బదులు 877 రాసేస్తారు. తొమ్మిది అంకెలే ఉన్నా, 5తో మొదలైనా మా కంప్యూటర్ తప్పని పట్టేస్తుంది, ఎందుకంటే మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి. కానీ మధ్యలో రెండంకెలు అటూఇటూ అయితే పట్టలేదు. ఆధార్ నంబర్‌లో చివరి అంకె మిగతా పదకొండింటిని సరిచూడటానికే ఉంటుంది, ఒక అంకె తప్పు కొడితే వెంటనే తెలిసిపోతుంది. ఫోన్ నంబర్‌లో అలాంటి కాపలా ఏదీ లేదు, తప్పు నంబర్ కూడా ఎవరిదో ఒకరి నిజమైన నంబరే అవుతుంది. పోయినేడాది పాత రికార్డులు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు మేం చేసిన ఘనకార్యం ఇంకొకటి. కొందరి నంబర్ ముందు 91 ఉండటంతో పన్నెండు అంకెలై, ఎక్సెల్ గడిలో 9.19E+11 అని కనపడింది. అంకెలు దొరకక మా క్లర్కు గారు పాత ఫారాలు తీసి వాటిలోంచి ఎక్కించారు. ఆ పాత ఫారాల్లో పాత నంబర్లే కదా ఉండేది! అంటే ఒకసారి మీరు వచ్చి మార్పించుకున్న నంబర్ కూడా మళ్లీ వెనక్కి వెళ్లిపోయి ఉండొచ్చు. అందుకే "మేం ఇదివరకే ఇచ్చాం" అనేవాళ్లు కూడా సోమవారం మెసేజ్ కోసం చూడండి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నవాళ్లకు ఒక మాట. మన రికార్డు కుటుంబానికి ఒకటి కాదు, బిడ్డకు ఒకటి. ఎనిమిదో తరగతి అక్క దగ్గర నంబర్ మారిస్తే మూడో తరగతి తమ్ముడి దగ్గర అది దానంతటది మారదు. చీటీ మీద ఇద్దరి పేర్లూ రాయండి.

ఇక సరిచేసుకోవడం ఎలాగంటారా. ఆఫీసు కిటికీ దగ్గర చీటీలు పెట్టాం. దాని మీద బిడ్డ పేరు, తరగతి, సెక్షను, అడ్మిషన్ నంబర్ రాయాలి. అడ్మిషన్ నంబర్ డైరీ అట్ట లోపల ఉంటుంది, దాన్ని వదిలేయకండి, ఒక్క ఎనిమిదో తరగతిలోనే మనకు ముగ్గురు సాయికిరణ్‌లు ఉన్నారు. తర్వాత పాత నంబర్ గుర్తుంటే అది, కొత్త నంబర్ గడుల్లో ఒకసారి అంకెల్లో, కింద మరోసారి అక్షరాల్లో, "తొమ్మిది, ఎనిమిది, నాలుగు" అని విడివిడిగా. ఆ నంబర్ ఎవరిదో రాయాలి, మెసేజ్ తెలుగులో కావాలో ఇంగ్లీషులో కావాలో టిక్ పెట్టాలి. కొన్ని పాత కీప్యాడ్ ఫోన్లలో తెలుగు అక్షరాల బదులు డబ్బాలు డబ్బాలుగా కనపడతాయి, అలాంటివాళ్లు ఇంగ్లీషు అని పెట్టండి. కింద సంతకం, లేదా వేలిముద్ర.

చీటీ ఇచ్చేసి వెళ్లిపోకండి, ఇంకో రెండు నిమిషాలు నిలబడండి. క్లర్కు గారు మీ ముందే నంబర్ ఎక్కించి, చీటీ చూసి కాకుండా కంప్యూటర్ తెర చూసి ఒక్కో అంకె మీకు చదివి వినిపిస్తారు. తర్వాత అక్కడికక్కడే పరీక్ష మెసేజ్ పంపుతారు. అది మీ చేతిలో ఉన్న ఫోన్‌లో మోగాకే చీటీ మీద తేదీ ముద్ర వేసి సగం చింపి మీకిస్తారు. మోగకపోతే పని అవ్వలేదన్నమాట, ముద్ర వేయించుకోకండి. నంబర్ కాకుండా ఫోన్‌లోనే తేడా ఉంటే అది కూడా అప్పుడే బయటపడుతుంది. పాత ఫోన్‌లో ఇన్‌బాక్స్ నిండిపోయి కొత్త మెసేజ్ పట్టకపోవచ్చు, ఆ ఆఫర్లూ లోన్ల మెసేజ్‌లూ తీసేస్తే వచ్చేస్తుంది. టచ్ ఫోన్‌లో అయితే మెసేజ్‌ల యాప్‌లో Spam & blocked అని ఒక చోటు ఉంటుంది, ఒక్కోసారి మనవి పోయి అందులో కూర్చుంటాయి. డీఎన్‌డీ పెట్టుకున్నవాళ్లు భయపడక్కర్లేదు, ఇది వ్యాపార ప్రకటన కాదు కాబట్టి దానికి అడ్డు ఉండదు.

పనులు మానుకుని రాలేనివాళ్లు ఉన్నారని తెలుసు. అలాంటివాళ్లు చీటీ నింపి సంతకం పెట్టి బిడ్డతో పంపండి, కాకపోతే ఆ చీటీ రాగానే నంబర్ మార్చం. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర మధ్య ఆఫీసు నంబర్ నుంచి మీ కొత్త నంబర్‌కి ఫోన్ చేసి, అడ్మిషన్ ఫారంలో ఉన్న రెండు వివరాలు అడిగి, పాత నంబర్‌కి కూడా ఒకసారి చేసి చూసి, అప్పుడు మారుస్తాం. ఇంత చాదస్తం ఎందుకంటే, దీనికీ ఒక కథ ఉంది. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు చక్కగా నాన్న సంతకంతో చీటీ తెచ్చాడు, కొత్త నంబర్ అని. సంతకం కూడా బ్రహ్మాండంగా దించాడు. ఆ నంబర్ వాడి స్నేహితుడి అన్నయ్యది. ప్రోగ్రెస్ కార్డు మీటింగ్‌లో అసలు నాన్నగారు నాతో "ఈ మధ్య మెసేజ్‌లు పంపడం మానేశారేంటండీ" అని అడిగితే గానీ మాకు వెలగలేదు. తెలివితేటలకు మెచ్చుకోవాలో తిట్టాలో తెలియలేదు. సరే, రెండూ చేశాననుకోండి.

క్లాస్ వాట్సాప్ గ్రూపులో మాత్రం నంబర్ పెట్టకండి. అరవై మంది చూస్తారు, "గుడ్ మార్నింగ్" పువ్వుల కింద అది కొట్టుకుపోతుంది, టీచర్ చూశారో లేదో మీకు తెలియదు. టీచర్‌కి విడిగా పెట్టినా, రికార్డులో మార్చే అధికారం టీచర్ ఫోన్‌లో లేదు, ఆఫీసులో మాత్రమే ఉంది.

ఒక్కో బిడ్డకు రెండు నంబర్లు పెట్టుకోవచ్చు, రెండింటికీ ఒకేసారి మెసేజ్ వెళ్తుంది. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న నాన్నలు అక్కడి నంబర్ ఇస్తున్నారు, మేం వాడే సర్వీసులో విదేశీ నంబర్లకు వెళ్లదు. ఇక్కడున్న అమ్మమ్మదో మేనమామదో ఒకటి ఇవ్వండి. అమ్మానాన్నలు వేరువేరుగా ఉంటున్న ఇళ్ల విషయంలో, ఒకరు వచ్చి "ఆయన నంబర్ తీసేయండి" లేదా "ఆవిడ నంబర్ తీసేయండి" అంటే మేం తీయలేం, నొచ్చుకోవద్దు. కొత్త నంబర్ చేర్చడానికి ఒకరి సంతకం చాలు, ఉన్నది తీయడానికి ఆ నంబర్ గలవారి సంతకం కావాలి, లేదా కోర్టు ఉత్తర్వు కాపీ ఉండాలి. ఇలాంటిది ఏమైనా ఉంటే కిటికీ దగ్గర నలుగురిలో చెప్పకుండా నేరుగా నా గదికి రండి.

మీ బిడ్డను మీరే గేటు దగ్గర దించి వచ్చాక "రాలేదు" అని మెసేజ్ వస్తే? అప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఆఫీసు ల్యాండ్‌లైన్‌కి చేయండి. క్లాస్ టీచర్ మొబైల్‌కి చేస్తే పాఠం మధ్యలో ఎత్తరు, మీ టెన్షన్ పెరుగుతుంది తప్ప ఉపయోగం లేదు. మీరు ఫోన్ పెట్టేలోపే అటెండరు క్లాసుకు వెళ్తారు, ఐదు నిమిషాల్లో మేమే తిరిగి చేస్తాం. చాలాసార్లు పిల్ల క్లాసులోనే ఉంటుంది, పక్క ఊళ్ల బస్సు ఆలస్యమై వచ్చినప్పుడు లేటు పుస్తకంలో ఇరవై మంది పేర్లు గబగబా రాస్తూ ఒకటి వదిలేయడం వల్ల ఇలా అవుతుంది, లేదా ఆటల పోటీకి గ్రౌండ్‌లో ఉన్న పిల్లల లిస్టు పీఈటీ సార్ ఇవ్వడం మర్చిపోతారు. మా పొరపాటని తేలితే వెంటనే "బడిలోనే ఉన్నారు" అని ఇంకో మెసేజ్ పంపి, రిజిస్టర్‌లో కూడా దిద్దుతాం. కానీ అది పొరపాటే అయ్యుంటుందిలే అని మాత్రం ఊరుకోకండి, గేటు దాకా వచ్చి లోపలికి రాని పిల్లలు కూడా ఉంటారు.

సెలవు ముందే తెలిస్తే పొద్దున తొమ్మిదిలోపు ఆఫీసుకు ఒక్క ఫోన్ కొట్టండి, ఆ రోజు మెసేజ్ రాదు, మాకూ ఒక పేరు తగ్గుతుంది.

చివరగా, చాలామంది పొరబడే సంగతి ఒకటి. ఇక్కడ నంబర్ మార్చుకుంటే మన స్కూల్ మెసేజ్‌లకే మారుతుంది. మీ ఆధార్‌లో, బ్యాంకులో ఉన్న నంబర్ మారదు, వాటికి అక్కడికే వెళ్లాలి. తల్లికి వందనం డబ్బుల గురించి ఓటీపీ రావడం లేదని మా కిటికీ దగ్గర చీటీ నింపితే ప్రయోజనం ఉండదు. ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో కూడా మీ బిడ్డ వివరాలతో పాటు ఒక మొబైల్ నంబర్ ఉంటుంది. అది మేమే ఎక్కించాలి కాబట్టి, చీటీ కింద "యూడైస్‌లో కూడా మార్చండి" అన్న గడిలో టిక్ పెట్టండి. అది అదే రోజు అయిపోదు, కొంత సమయం పడుతుంది.

ఈ శనివారం నుంచి పదిహేను రోజుల పాటు ఆఫీసు కిటికీ పొద్దున 8.15 నుంచి 9 దాకా, సాయంత్రం 4 నుంచి 6.30 దాకా ఒక్క ఈ పని కోసమే తెరిచి ఉంటుంది. 9 నుంచి 10.15 దాకా మాత్రం రాకండి, ఆ సమయంలో క్లర్కు గారు లిస్టు మీద కూర్చుని ఉంటారు, పలకరిస్తే ఒక పేరు తప్పిపోతుంది. వచ్చేటప్పుడు డైరీ, ఆ నంబర్ ఉన్న ఫోన్ రెండూ తెచ్చుకోండి. ఫోన్ ఇంట్లో పెట్టి నంబర్ కాగితం మీద రాసుకొస్తే మళ్లీ రావాల్సి వస్తుంది.

ఇట్లు,
మీ పిల్లల స్కూల్ ప్రిన్సిపల్

తా.క. ఆ పాత నంబర్ ఉన్నావిడకు మళ్లీ ఫోన్ చేసి క్షమించమని అడిగాను. "పిల్లాడు బాగానే ఉన్నాడా" అని అడిగారు.